చీమకుర్తి జాయింట్ వెంచర్: భాగస్వామి కంపెనీని రేపు ఎవరైనా కొనేస్తే?

ప్రశ్న: మాది ఒంగోలులో గ్రానైట్ స్లాబులు ఎగుమతి చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. చీమకుర్తిలో గెలాక్సీ క్వారీ ఉన్న ఒక కంపెనీతో కలిసి కటింగ్, పాలిషింగ్ యూనిట్ కోసం కొత్త కంపెనీ పెడుతున్నాం. మూలధనం 10 కోట్లు, వాళ్ళకు 51 శాతం, మాకు 49. వాళ్ళ వాటాలో 2.10 కోట్లు స్థలం రూపంలో ఇస్తారట. వాళ్ళ లాయర్ పంపిన డ్రాఫ్ట్‌లో రిజర్వ్డ్ మ్యాటర్స్ కింద 34 అంశాలున్నాయి, అన్నిటికీ మా ఒప్పుదల కావాలి. షేర్లు బయటివాళ్ళకు అమ్మాలంటే ముందు మాకే చూపాలని కూడా ఉంది. ఇంత రక్షణ చాలదా? ఒకవేళ వాళ్ళ కంపెనీనే ఎవరైనా కొనేస్తే మా గతేంటి? సంతకం చేయొచ్చా?

జవాబు:

ఇప్పుడున్న డ్రాఫ్ట్ మీద సంతకం చేయకండి. భాగస్వామి చెడ్డవాడని అనడం లేదు. మీ చివరి ప్రశ్నకు ఆ డ్రాఫ్ట్‌లో జవాబు లేదు. ముందున్న 34 అంశాలు, మూలధనం విడతలు అన్నీ చివరికి ఆ ప్రశ్న దగ్గరే పరీక్షకు నిలబడతాయి. అందుకని చివరి నుంచి మొదలుపెడతాను.

కొత్త కంపెనీ షేర్ల రిజిస్టర్లో రెండే పేర్లు ఉంటాయి, మీ కంపెనీదొకటి, క్వారీ కంపెనీదొకటి. రేపు క్వారీ కుటుంబం తమ కంపెనీ షేర్లన్నీ చెన్నైలోనో బెంగళూరులోనో ఉన్న ఒక పెద్ద ఎగుమతిదారుకు అమ్మేసిందనుకోండి. మీ జాయింట్ వెంచర్ రిజిస్టర్లో ఒక్క అక్షరం మారదు. 51 శాతం నిన్న ఎవరి పేరున ఉందో ఈరోజూ వాళ్ళ పేరునే ఉంది. "షేర్లు అమ్మితే ముందు మాకు చూపాలి" అన్న షరతు నిద్ర లేవదు, ఎందుకంటే జాయింట్ వెంచర్ షేర్లు ఎవరూ అమ్మలేదు. కానీ మర్నాడు బోర్డు మీటింగులో మీకెదురుగా కూర్చునేది మీ పోటీదారు మనిషి. మీ కొనుగోలుదార్ల జాబితా, ఏ సైజు స్లాబు ఎంతకు అమ్ముతున్నారో ఆ వివరం, అన్నీ ఆయన ముందు ఫైల్లో ఉంటాయి.

ఇది ఊహించి చెప్పడం లేదు. చాలా ఏళ్ళ కిందట నెల్లూరు వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌కు చిన్న భాగస్వామి తరఫున అగ్రిమెంట్ రాసింది నేనే. షేర్ల బదిలీ మీద రెండు పేజీలు రాసి, పకడ్బందీగా ఉందని మురిసిపోయాను. అవతలి కంపెనీ పైన ఇంకో కంపెనీ ఉంది. అమ్మకం ఆ పై కంపెనీలో జరిగింది. నా రెండు పేజీల్లో ఒక్క వాక్యం కూడా పనికిరాలేదు. మా క్లయింటు రెండేళ్ళకు పైగా తిరిగి, చివరికి అడిగిన ధర కంటే బాగా తక్కువకు బయటపడ్డాడు. ఆ తప్పులో నా వాటా నాదే. అప్పటి నుంచి ఏ జాయింట్ వెంచర్ కాగితం చేతికొచ్చినా ముందు ఈ ఒక్క క్లాజు కోసమే వెతుకుతాను.

ఇక 34 అంశాల సంగతి. జాబితా పొడుగ్గా ఉంటే బలం ఎక్కువని అనుకోకండి. అందులో ఆఫీసు కారు కొనడం, మేనేజరు జీతం పెంచడం లాంటివి కూడా ఉండే ఉంటాయి. రోజూ వచ్చే వాటికి కూడా మీ సంతకం కావాలంటే మొదటి ఆరు నెలలకే విసుగొచ్చి, "అన్నిటికీ మా అనుమతి ఉన్నట్టే" అని ఒక ఈమెయిల్ ఇచ్చేస్తారు. తర్వాత అసలైన దానికి అడ్డం తిరిగితే ఆ ఈమెయిలే తీసి చూపిస్తారు. నా లెక్కలో మీకు గట్టిగా కావలసినవి ఐదు: కొత్త షేర్లు, ఒక పరిమితి దాటిన అప్పులూ గ్యారంటీలూ తనఖాలూ, ఏటా బడ్జెట్, ప్లాంటు అమ్మకం లేదా వ్యాపారం మార్పు, ఇక అన్నిటికంటే ముఖ్యంగా క్వారీ కంపెనీతో జరిగే లావాదేవీలు.

చట్టమే చూసుకుంటుందిలే అనుకోవడానికి వీల్లేదు. 2013 కంపెనీల చట్టంలో 180వ సెక్షన్ ప్రకారం పెద్ద అప్పులకు, మొత్తం వ్యాపారం అమ్మడానికి స్పెషల్ రెజల్యూషన్ కావాలి. కానీ 2015 జూన్‌లో కేంద్రం ఇచ్చిన మినహాయింపుల వల్ల ఆ సెక్షన్ ప్రైవేట్ కంపెనీలకు వర్తించదు. 188వ సెక్షన్‌లో సంబంధీకులతో లావాదేవీ మీద ఓటింగ్ జరిగితే, ఆ లావాదేవీలో లాభం ఉన్న సభ్యుడు ఓటు వేయకూడదన్న నిబంధన కూడా ప్రైవేట్ కంపెనీలకు తీసేశారు. అంటే క్వారీ కంపెనీ తన బ్లాకులను తనే జాయింట్ వెంచర్‌కు అమ్మి, ఆ ధరకు తన 51 శాతం ఓట్లతో తనే ఆమోదముద్ర వేసుకోవచ్చు. మీ అగ్రిమెంట్‌లో లేకపోతే ఆపేవాళ్ళు లేరు.

మీ వ్యాపారంలో డబ్బు జారిపోయేది సరిగ్గా అక్కడే. జాయింట్ వెంచర్ లాభం స్లాబుల అమ్మకంలో కంటే బ్లాకు కొనుగోలు ధరలో తేలుతుంది. బ్లాకు ధర క్యూబిక్ మీటరుకు కాస్త పెంచితే యూనిట్ లాభం కరిగి క్వారీ లాభంగా మారుతుంది. అక్కడ మీకు 49 శాతం కాదు, సున్నా. ధర పెంచకుండా కూడా ఇదే చేయొచ్చు. కొలతలో తరుగు తక్కువ తీసి గ్రాస్‌కూ నెట్‌కూ తేడా కుదించొచ్చు, గీతలూ పగుళ్ళూ ఉన్న రెండో రకాన్ని మొదటి రకంగా పంపొచ్చు. మీకు తెలియని విద్య కాదిది. అందుకే బ్లాకుల సరఫరా ఒప్పందాన్ని జాయింట్ వెంచర్ అగ్రిమెంట్‌తో పాటే, అదే రోజు సంతకం చేయించుకోండి. ధరకు ఒక సూత్రం పెట్టండి. క్వారీ కంపెనీ గత మూడు నెలల్లో సంబంధం లేని కొనుగోలుదార్లకు అదే రకం బ్లాకును అమ్మిన ఇన్‌వాయిస్‌ల సగటు మించకూడదు. మార్కింగ్ జరిగేటప్పుడు మీ మనిషి క్వారీలో ఉండాలి. తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టే సీనరేజి ఎవరు కట్టాలో కూడా అందులోనే రాయండి.

వీటో గురించి చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. వీటోతో పనిని ఆపగలరు కానీ చేయించలేరు. క్వారీ కంపెనీ చెత్త బ్లాకులు పంపిందనుకుందాం. నోటీసు ఇవ్వాల్సింది, నష్టపరిహారం అడగాల్సింది జాయింట్ వెంచర్ కంపెనీ. దాని బోర్డులో మెజారిటీ వాళ్ళదే. వాళ్ళ మీద వాళ్ళే నోటీసు వేసుకుంటారా? అందుకని ఒక వాక్యం చేర్చండి: ఒక వాటాదారుతోనో, అతని సంబంధీకులతోనో ఉన్న ఒప్పందాన్ని అమలు చేయించే విషయంలో కంపెనీ తరఫున నిర్ణయం అవతలి వాటాదారు నియమించిన డైరెక్టర్లదే. ఈ ఒక్క వాక్యం మీ 34 అంశాల్లో సగానికి సమానం. అవతలి లాయరు దీనికి అడ్డం చెప్పడం కూడా కష్టమే, ఎందుకంటే ఇది రెండు వైపులకూ ఒకేలా వర్తిస్తుంది.

కోరం దగ్గర కూడా చూడండి. మీ డైరెక్టరు లేకపోతే రిజర్వ్డ్ మ్యాటర్ మీద మీటింగ్ జరగదని రాసి, దాని కిందే "వాయిదా పడిన మీటింగుకు ఎవరు వస్తే వాళ్ళే కోరం" అని ఉంటుంది. ఇది చాలా డ్రాఫ్ట్‌లలో కనిపించే కిటుకు. వారం రోజులు మీరు విదేశంలో ఎగ్జిబిషన్‌లో ఉంటే చాలు, వీటో పోయినట్టే. వాయిదా మీటింగులో అయినా సరే రాతపూర్వక ఒప్పుదల లేకుండా ఆ అంశాలు తీసుకోకూడదని ఉండాలి. జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే అన్న మాట ఎక్కడున్నా కొట్టేయండి. ఇదే రక్షణ బోర్డు మీటింగుకూ, వాటాదారుల మీటింగుకూ రెండింటికీ రాయాలి.

ఇదంతా అగ్రిమెంట్‌లో మాత్రమే ఉంటే సగం పనే అయినట్టు. కంపెనీని కట్టిపడేసేది ఆర్టికల్స్, అంటే కంపెనీ సొంత నియమావళి. షేర్ల బదిలీ మీద ఆంక్షలు ఆర్టికల్స్‌లో లేకపోతే కంపెనీని గానీ వాటాదారులను గానీ కట్టిపడేయవని రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అగ్రిమెంట్‌లో ఉన్న వీటో హక్కు ఆర్టికల్స్‌లోకి ఎక్కకపోతే చెల్లదన్న వాదనను 2013లో వరల్డ్ ఫోన్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకుంది. తర్వాతి తీర్పుల్లో ఈ మాట మీద చర్చ జరిగింది గానీ, ఆ చర్చ మీ డబ్బుతో జరగాల్సిన పని లేదు. రిజర్వ్డ్ మ్యాటర్స్, బదిలీ ఆంక్షలు, కంట్రోల్ మారితే ఏం జరగాలన్నది, అన్నీ మాటకు మాట ఆర్టికల్స్‌లోకి ఎక్కించండి. 5వ సెక్షన్ కింద వాటిని మామూలు స్పెషల్ రెజల్యూషన్‌తో మార్చడానికి వీల్లేకుండా బిగించొచ్చు. కంపెనీ పెట్టేటప్పుడైతే ఇది తేలిక. తర్వాత పెట్టాలంటే ప్రైవేట్ కంపెనీలో సభ్యులందరూ ఒప్పుకోవాలి.

"49 శాతం ఉంది కదా, స్పెషల్ రెజల్యూషన్‌ను మేమే ఆపగలం, మళ్ళీ ఈ బిగింపు ఎందుకు?" అని మీ ఆడిటరు అడగొచ్చు. ఈరోజుకు ఆయన అన్నది నిజమే. ఆ 49 శాతం ఎన్నాళ్ళు 49గా ఉంటుందన్నదే ప్రశ్న. అక్కడికే వస్తున్నా.

పది రూపాయల షేరు లెక్కన మీ కంపెనీలో కోటి షేర్లు. వాళ్ళవి 51 లక్షలు, మీవి 49 లక్షలు. ఏడాది తర్వాత వర్కింగ్ క్యాపిటల్‌కు 4 కోట్లు కావాలని బోర్డు నిర్ణయించిందనుకుందాం. మీ వంతు 1.96 కోట్లు. సరిగ్గా అప్పుడే మీ డబ్బు విదేశీ కొనుగోలుదార్ల దగ్గర ఇరుక్కుని ఉంది, కట్టలేకపోయారు. మొత్తం వాళ్ళే పెట్టారు. షేరు ముఖ విలువకే ఇస్తే వాళ్ళకు 40 లక్షల కొత్త షేర్లు వస్తాయి. మొత్తం కోటీ 40 లక్షల్లో మీవి 49 లక్షలు, అంటే 35 శాతం. ఇంకో ఏడాదికి మరో 6 కోట్లు అడిగి, అదీ వాళ్ళే పెడితే మొత్తం రెండు కోట్ల షేర్లలో మీవి 24.5 శాతం. స్పెషల్ రెజల్యూషన్ నెగ్గాలంటే వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు అనుకూల ఓట్లు పడాలి. 25 శాతానికి మించి మీ దగ్గర లేకపోతే దాన్ని ఆపలేరు. రెండే విడతల్లో మీ చేతిలో ఉన్న తాళంచెవి పోయింది. బిగింపు లేకపోతే ఆ మర్నాడే ఆర్టికల్స్ మార్చేయొచ్చు.

ఇదే 4 కోట్లకు షేరు న్యాయమైన విలువ 25 రూపాయలని లెక్కగట్టి ఉంటే? వాళ్ళకు వచ్చేవి 16 లక్షల షేర్లే. మీ వాటా 42 శాతానికి కాస్త పైనే నిలుస్తుంది. పెట్టిన డబ్బు అంతే, పోయిన వాటాలో ఏడు శాతం తేడా. ఉన్న వాటాదారులకే వాటా ప్రకారం కొత్త షేర్లు చూపే రైట్స్ ఇష్యూలో ముఖ విలువకు తక్కువ కాకుండా ఏ ధరకైనా షేర్లు ఇవ్వడాన్ని కంపెనీల చట్టం ఆపదు. పైగా ఆఫర్ కనీసం 7 రోజులు తెరిచి ఉంటే చాలు. కట్టడానికి మీకు దొరికేది ఆ వారమే కావచ్చు.

అయితే అదనపు మూలధనానికి పూర్తి వీటో పెట్టేయమంటారా అంటే, వద్దంటాను. నిజంగానే డబ్బు అవసరమై, మీరు కట్టక, కట్టేవాళ్ళనూ కట్టనివ్వకపోతే లైన్ పాలిషర్ ఆగిపోతుంది, బ్యాంకు వాయిదా తప్పుతుంది. నేను మామూలుగా రాసే పద్ధతి ఇది. బడ్జెట్‌లో ఇద్దరూ ముందే ఒప్పుకున్న మొత్తం వరకు ఇద్దరూ కట్టి తీరాలి. దానికి మించి కావలసి వస్తే ముందు బ్యాంకును అడగాలి. అదీ కుదరకపోతే పెట్టగలిగిన భాగస్వామి అప్పుగా పెట్టాలి, బ్యాంకు రేటుకు రెండు శాతం కలిపి వడ్డీ తీసుకోవాలి, లాభాల పంపకం కంటే ముందు ఆ అప్పు తీర్చాలి. ఏడాది దాటినా తీరకపోతేనే అది షేర్లుగా మారాలి, అదీ రిజిస్టర్డ్ వాల్యుయర్ కట్టిన విలువకే. ఈ లోగా మీ వంతు కట్టేసి సరిసమానం చేసుకునే హక్కు మీకుండాలి. వాటా ఎంత తగ్గినా 26 శాతం ఉన్నంత కాలం ఆ ఐదు అంశాల మీద వీటో, డైరెక్టరు పదవి రెండూ ఉంటాయని స్పష్టంగా రాయించుకోండి. చాలా డ్రాఫ్ట్‌లలో 40 శాతం కంటే తగ్గగానే వీటో రద్దని ఒక మూల ఉంటుంది. మీ డ్రాఫ్ట్‌లో ఎంత ఉందో వెతకండి.

వాళ్ళు ఇస్తామన్న స్థలం గురించి రెండు మాటలు. 2.10 కోట్లన్నది వాళ్ళ నోటి లెక్కా, రిజిస్టర్డ్ వాల్యుయర్ లెక్కా? నగదు కాకుండా ఆస్తికి షేర్లు ఇవ్వాలంటే వాల్యుయేషన్ రిపోర్టు తప్పదు. ఈసీ, లింకు డాక్యుమెంట్లు మీ లాయరే చూడాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిదో తేల్చాలి. అన్నిటికంటే ముఖ్యం, వరస. మీరు 4.90 కోట్లు ముందే జమచేసి, స్థలం రిజిస్ట్రేషన్ "వచ్చే నెల, వచ్చే నెల" అంటూ సాగితే ఇబ్బందుల్లో పడేది కంపెనీయే. ప్రైవేట్ ప్లేస్‌మెంట్ కింద తీసుకున్న డబ్బుకు 60 రోజుల్లో షేర్లు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే తర్వాతి 15 రోజుల్లో తిరిగి కట్టాలి, అదీ దాటితే 60వ రోజు తర్వాత నుంచి 12 శాతం వడ్డీ. అందుకని లక్ష రూపాయల మూలధనంతో 51, 49గా కంపెనీ మొదలుపెట్టండి. స్థలం కంపెనీ పేరున రిజిస్టర్ అయిన రోజే మీ డబ్బు, వాళ్ళ నగదు రెండూ రావాలి, షేర్లు కూడా ఆ రోజే ఇవ్వాలి. స్థలం లీజుకిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. రేపు వాళ్ళ కంపెనీ చేతులు మారితే మీ భాగస్వామే కాదు, మీ ఇంటి ఓనరు కూడా కొత్తవాడే అవుతాడు.

ఇప్పుడు అసలు క్లాజు. ముందు "కంట్రోల్" అంటే ఏమిటో మీ అగ్రిమెంట్‌లో మీరే చెప్పాలి. చట్టంలో 2(27) నిర్వచనం విశాలంగానే ఉంది: డైరెక్టర్లలో ఎక్కువమందిని నియమించే హక్కు, లేదా నేరుగానో పరోక్షంగానో, వాటాల ద్వారానో ఒప్పందాల ద్వారానో యాజమాన్యాన్ని, విధానాలను శాసించే శక్తి. దాన్ని పునాదిగా తీసుకుని మీ సంగతికి తగ్గట్టు మూడు చేర్చండి. ఒకటి, క్వారీ కుటుంబంలో పేర్లు రాసిన వ్యక్తుల వాటా, ఆ కంపెనీలోనైనా దాని పైన ఉన్న ఏ కంపెనీలోనైనా 51 శాతం కంటే తగ్గడం. రెండు, గ్రానైట్ ఎగుమతి చేసే మీ పోటీదారు ఎవరైనా అందులో 20 శాతమో, ఒక డైరెక్టరు పదవో సంపాదించడం. కంట్రోల్ కంటే ముందు సమాచారం జారిపోతుంది కాబట్టి ఇది కావాలి. మూడు, షేర్లను కదిలించకుండా క్వారీ లీజును వేరేవాళ్ళకు బదిలీ చేయడం. లీజు పోయిన క్వారీ కంపెనీతో మీకేం పని? తండ్రి తర్వాత కొడుకులకు రావడం, కుటుంబంలో పంపకాలు మాత్రం దీని కిందికి రావని వాళ్ళ కోసం రాయండి. ఆ మినహాయింపు అడగకముందే ఇస్తే మిగతా మాటలు తేలిగ్గా సాగుతాయి, ఇది నా అనుభవం.

అలాంటి మార్పు జరిగితే ఏడు రోజుల్లో వాళ్ళు మీకు రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే? మీ 90 రోజుల గడువు వాళ్ళు నోటీసు ఇచ్చిన రోజు నుంచి మొదలవ్వాలి, మార్పు జరిగిన రోజు నుంచి కాదు. నోటీసు రాకపోయినా మీకు తెలిసిన రోజు నుంచి హక్కు వాడుకునే వీలుండాలి. ఏటా ఒకసారి తమ వాటాదారుల జాబితాను ధ్రువీకరించి ఇవ్వాలని కూడా పెట్టండి.

ఆ 90 రోజుల్లో మీ ముందు రెండు దారులుండాలి: వాళ్ళ 51 శాతాన్ని మీరు కొనడం, లేదా మీ 49 శాతాన్ని వాళ్ళ చేత కొనిపించడం. కొనే హక్కు వినడానికి బాగుంటుంది. కానీ క్వారీ లేని పాలిషింగ్ యూనిట్‌ను కొని ఏం చేస్తారు? మెషీన్లు ఉంటాయి, బ్లాకు ఉండదు. కాబట్టి మీరు కొన్నా సరఫరా ఒప్పందం అదే ధర సూత్రంతో ఇంకా ఐదేళ్ళు నడవాలని, క్వారీ ఎవరి చేతిలో ఉన్నా కట్టుబడాలని అక్కడే రాయాలి. లీజు గడువు అంతకంటే ముందే ముగుస్తుందేమో కూడా చూసుకోండి. ఇది లేకపోతే ఆ కొనే హక్కు కాగితం మీద అలంకారమే.

అమ్మే హక్కులో ప్రశ్న డబ్బు ఎవరిస్తారన్నది. జాయింట్ వెంచర్ కంపెనీయే కొంటుందని రాస్తే నమ్మకండి. బైబ్యాక్‌కు చట్టం పరిమితి పెట్టింది, మూలధనం, ఫ్రీ రిజర్వులు కలిపిన మొత్తంలో 25 శాతం మించకూడదు. 49 శాతం వాటాకు అది ఏ మూలకూ సరిపోదు. కొనాల్సింది క్వారీ కంపెనీ, దానికి గ్యారంటీ ఇవ్వాల్సింది దాన్ని కొన్న కొత్త యజమాని. ఇప్పుడే ఎవరో తెలియని మనిషి సంతకం ఎలా? "కంట్రోల్ అమ్మే ముందు, కొనేవాళ్ళ చేత ఈ బాధ్యత ఒప్పుకుంటూ సంతకం చేయించకపోతే ఆ అమ్మకం ఈ ఒప్పందానికి ఉల్లంఘన" అని రాయాలి. అప్పుడు కొనేవాళ్ళ లాయరు కాగితాలు పరిశీలించేటప్పుడే ఆ వాక్యం బయటపడుతుంది, బేరం తేలకముందే మీకు ఫోన్ వస్తుంది.

విలువ కట్టే పద్ధతిని ముందే తేల్చకపోతే ఈ క్లాజు మొత్తం ఒక కొత్త గొడవకు మొదలు. యూనిట్ ఈక్విటీ విలువ 30 కోట్లని తేలిందనుకోండి. మీ 49 శాతం 14.70 కోట్లు. కానీ "మైనారిటీ వాటా కదా" అని వాల్యుయర్ 25 శాతం తరుగు వేస్తే మీకొచ్చేది 11 కోట్ల చిల్లర. మూడున్నర కోట్లకు పైగా తేడా ఒక్క మాటలో ఉంది. అందుకే "మొత్తం కంపెనీ విలువలో వాటా నిష్పత్తి ప్రకారం, మైనారిటీ తరుగు లేకుండా" అన్న పదాలు ఉండాలి. వాల్యుయర్‌ను ఎవరు ఎంచుతారో, ఇద్దరికీ కుదరకపోతే ఎవరు నియమిస్తారో రాయాలి. విలువ కట్టే తేదీ కంట్రోల్ మారకముందుది కావాలి, లేకపోతే కొత్త యజమాని బ్లాకులు ఆపి, లాభం పడగొట్టి, తర్వాత విలువ కట్టమంటాడు.

కొందరు "తప్పు చేసినవాడు 80 శాతం ధరకే ఇవ్వాలి" అని రాస్తారు. నేనూ రాసేవాణ్ణి. ఇప్పుడు జాగ్రత్తగా ఉంటున్నాను. ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం లెక్కగట్టిన విలువ కంటే తక్కువకు అన్‌లిస్టెడ్ షేర్లు చేతులు మారితే, అమ్మినవాడికి ఆ పూర్తి విలువ వచ్చినట్టే లెక్కవేసి పన్ను అడుగుతారు. కొన్నవాడికి మిగిలిన తేడాను ఆదాయంగా చూడొచ్చు. శిక్ష వేద్దామని పోయి మీరే పన్ను కట్టాల్సి రావచ్చు. ఆ విలువను పన్ను లెక్కకు సరిచూసుకున్నాకే అలాంటి తగ్గింపు పెట్టండి.

నోటీసు వచ్చిన రోజు నుంచి డబ్బు చేతికొచ్చే రోజు వరకు నెలలు పట్టొచ్చు. ఆ మధ్యకాలంలో కొత్త యజమాని నియమించిన డైరెక్టర్లకు మీ కొనుగోలుదార్ల వివరాలు, ధరల జాబితా ఇవ్వకూడదు. కొత్త మూలధనం అడగకూడదు, బడ్జెట్ పాతదే నడవాలి. ఇంకో చిక్కు చాలామందికి తెలియదు. కొత్త యజమాని పబ్లిక్ కంపెనీ అయితే, 51 శాతం వల్ల మీ జాయింట్ వెంచర్ కూడా దాని సబ్సిడరీయే అవుతుంది. పబ్లిక్ కంపెనీకి సబ్సిడరీ అయిన ప్రైవేట్ కంపెనీని చట్టం పబ్లిక్ కంపెనీగానే చూస్తుంది. పైన చెప్పిన ప్రైవేట్ మినహాయింపులన్నీ పోతాయి. మీకు కొన్ని విషయాల్లో అది మేలే గానీ, కంప్లయన్స్ ఖర్చు, టెన్షన్ రెండూ పెరుగుతాయి.

పాత కాలంలో సంతకం చేసిన ఖాళీ ట్రాన్స్‌ఫర్ ఫారాలు లాయర్ల బీరువాల్లో ఉండేవి, అవసరమైతే తీసి వాడేవాళ్ళు. ఇప్పుడు మీ విషయంలో అది పనిచేయదు. ఇంకో కంపెనీకి సబ్సిడరీ అయిన కంపెనీని స్మాల్ కంపెనీగా లెక్కించరు, స్మాల్ కంపెనీ కాని ప్రైవేట్ కంపెనీల షేర్లు డీమ్యాట్‌లోనే మారాలి. అందుకని బదిలీకి వీలుగా రద్దు చేయలేని పవర్ ఆఫ్ అటార్నీ తీసుకోవడమో, ఆ షేర్లను డీమ్యాట్‌లోనే మీ పేర తాకట్టు పెట్టించుకోవడమో చేయాలి. రెండోది గట్టిది. బ్యాంకు మొత్తం షేర్లను తనకే తాకట్టు అడిగితే మాత్రం కుదరదు.

బ్యాంకు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. యూనిట్ అప్పుకు మీరూ, బహుశా మీ అన్నదమ్ములూ పర్సనల్ గ్యారంటీ ఇస్తారు. 49 శాతం అమ్మేసి బయటికొచ్చినా ఆ గ్యారంటీ దానంతటది పోదు. షేర్లు పోయి, అప్పు బాధ్యత మాత్రం మిగిలిన వాళ్ళను చూశాను. అమ్మకం పూర్తయ్యే షరతుల్లో "బ్యాంకు నుంచి గ్యారంటీ విడుదల లేఖ" మొదట ఉండాలి. ఆ లేఖ రాకుండా షేర్లు కదలకూడదు. లోన్ తీసుకునేటప్పుడే ఈ ఏర్పాటును బ్యాంకు దృష్టికి తెచ్చి, శాంక్షన్ లెటర్లో వాటాల మార్పుకు షరతులేమిటో చదువుకోండి.

ఆర్బిట్రేషన్ క్లాజు మీద ఎక్కువ సమయం పెట్టకండి. చోటు విజయవాడో హైదరాబాదో ఒకటి రాసుకోండి, ఒకే ఆర్బిట్రేటర్ చాలు. విలువ కట్టే విషయం మాత్రం ఆర్బిట్రేషన్‌కు వెళ్ళకుండా వాల్యుయర్ నిర్ణయమే తుది అని పెట్టండి.

ఈ వారంలో చేయాల్సింది ఒకటుంది. అవతలి కంపెనీ వార్షిక రిటర్న్‌ను కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో 100 రూపాయల ఫీజు కట్టి చూడొచ్చు. అందులో వాళ్ళ వాటాదార్లు మనుషులా, ఇంకో కంపెనీయా అన్నది చూడండి. పైన ఇంకో కంపెనీ ఉంటే దాని రిటర్న్ కూడా తీయండి, చివర్లో మనుషుల పేర్లు దొరికేదాకా పైకి వెళ్ళండి. క్లాజులో రాయాల్సిన పేర్లు అవే. తర్వాత వాళ్ళను క్వారీ లీజు కాపీ అడగండి. ఎవరి పేరున ఉంది, ఎప్పటివరకు ఉంది అన్నవి రెండూ దానిలో ఉంటాయి. లీజు కంపెనీ పేరున కాకుండా కుటుంబంలో ఒకరి పేరున ఉంటే ఇక్కడ మళ్ళీ రాయండి, అప్పుడు సరఫరా ఒప్పందం మీద ఆయన చేత కూడా విడిగా సంతకం చేయించాల్సి ఉంటుంది.